ఒకే పేరున్న ఫోల్డర్ మీద ఫోల్డర్: ఫైండర్ తీసేస్తుంది, ఎక్స్‌ప్లోరర్ కలిపేస్తుంది

డిజిటల్ కెమెరా మెమరీ కార్డు తెరిస్తే ముందుగా కనిపించేది DCIM అనే ఫోల్డర్. దాని లోపల 100CANON, 100MSDCF, 100_PANA లాంటి పేరుతో ఇంకో ఫోల్డర్, అందులో IMG_0001.JPG వరసలో ఫోటోలు ఉంటాయి. ఈ పేర్లు కంపెనీలు ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్నవి కావు. కెమెరాలన్నీ పాటించే ఒక ప్రమాణం ప్రకారం లోపలి ఫోల్డర్ పేరులో ముందు 100 నుంచి 999 దాకా ఒక మూడంకెల సంఖ్య, ఆ తరువాత ఐదు అక్షరాలు ఉండాలి. ఫైల్ పేరులో నాలుగు అక్షరాల వెనుక 0001 నుంచి 9999 దాకా నాలుగంకెల సంఖ్య రావాలి. 9999 దాటితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే, వాటి కార్డుల్లో ఫోల్డర్ల పేర్లు ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. అలా కావడమే మామూలు.

పెళ్ళికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వెళ్ళారనుకుందాం. మొదటి కార్డులోని 100CANON ఫోల్డర్‌ను హార్డ్‌డిస్క్‌లోకి లాగి వదిలారు. కాసేపటికి రెండో కార్డు పెట్టి, అందులోని 100CANON ఫోల్డర్‌ను అదే చోటికి లాగారు. ఈ రెండో లాగుడుకు ఏం జరుగుతుందన్నది డిస్క్‌ను బట్టీ కార్డును బట్టీ ఉండదు. ఆ పని ఏ ప్రోగ్రామ్ చేస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. మ్యాక్‌లోని ఫైండర్‌దీ విండోస్‌లోని ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌దీ ఈ ఒక్క విషయంలో పూర్తిగా వేరు దారి. ఒకదానికి అలవాటుపడిన చేతులు రెండోదాని ముందు కూర్చున్నప్పుడే ఫోటోలు పోతుంటాయి.

ఎక్స్‌ప్లోరర్ అడగకుండానే కలుపుతుంది

విండోస్‌లో ఫోల్డర్ మీద అదే పేరున్న ఫోల్డర్‌ను వేస్తే పాత ఫోల్డర్ అలాగే ఉంటుంది. కొత్తదాని లోపల ఉన్నవి ఒక్కొక్కటిగా పాతదాని లోపలికి చేరతాయి. లోపల ఇంకో ఫోల్డర్ ఉండి, దాని పేరూ కలిస్తే, అక్కడా ఇదే పద్ధతి. ఎన్ని అంతస్తుల లోతుకు వెళ్ళినా ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ప్రశ్న పుట్టేది ఫైల్ పేరు ఫైల్ పేరుతో ఢీకొన్నప్పుడే.

చాలాకాలం విండోస్ ఈ సంగతిని కాస్త వింతగా చెప్పేది. ఎక్స్‌పీ రోజుల్లో వచ్చే డైలాగ్ బాక్స్ పేరు Confirm Folder Replace. చేసేది మాత్రం కలపడం. పాత ఫోల్డర్‌లో అదే పేరుతో ఫైళ్ళుంటే వాటి స్థానంలో కొత్తవి వస్తాయని లోపలి వాక్యంలో రాసి ఉండేది. ఫోల్డర్ మొత్తం పోతుందేమోనని ఆ శీర్షిక చూసి భయపడి రద్దు చేసినవాళ్ళు కొందరైతే, అసలు చదవకుండా Yes to All నొక్కినవాళ్ళు ఎందరో. విండోస్ 7 నాటికి శీర్షిక మారలేదు కానీ, రెండు ఫోల్డర్లనూ కలపమంటారా అని వాక్యం సూటిగా అడగడం మొదలైంది. పేరు కలిసిన ఫైళ్ళ గురించి మళ్ళీ విడిగా అడుగుతామనీ చెప్పేది.

2012లో వచ్చిన విండోస్ 8 ఆ మొదటి ప్రశ్ననే దాచేసింది. ఫోల్డర్ ఆప్షన్లలోని View ట్యాబ్‌లో Hide folder merge conflicts అనే గడి ఉంటుంది. అది ముందే టిక్ చేసి వస్తుంది. విండోస్ 10, 11లలోనూ అంతే. దాని ఫలితం ఏమిటంటే, రెండు ఫోల్డర్లలో ఒక్క ఫైల్ పేరు కూడా కలవకపోతే ఎక్స్‌ప్లోరర్ నోరు విప్పదు. ఏ ప్రశ్నా రాదు, ఏ హెచ్చరికా కనిపించదు. రెండు కార్డుల ఫోటోలు ఒకే ఫోల్డర్‌లో కలిసిపోతాయి.

ఇందులో ఏదీ పోలేదు కదా అనిపించవచ్చు. ఫైళ్ళు పోలేదు, నిజమే. ఏ ఫైల్ ఎక్కడినుంచి వచ్చిందన్న ఆనవాలు మాత్రం పోయింది. వేరే ఫోల్డర్‌లో వేయబోయి చేయి జారి ఇక్కడ వదిలినా పట్టించే సూచన ఉండదు. వెంటనే గమనించి Ctrl+Z నొక్కితే కొత్తగా వచ్చినవి వెనక్కి పోతాయి. మరునాడు గమనిస్తే చేత్తో ఏరుకోవాల్సిందే. ఆ గడిలో టిక్ తీసేస్తే ఫోల్డర్ దగ్గర అడిగే ప్రశ్న తిరిగి వస్తుంది. విండోస్ 11లో ఎక్స్‌ప్లోరర్ పైన మూడు చుక్కలు నొక్కి Options లోకి వెళితే ఈ View ట్యాబ్ దొరుకుతుంది. ఒకే పేరున్న ఫోల్డర్లతో రోజూ పనిచేసేవాళ్ళు ఆ టిక్ తీసేసుకోవడమే మేలు. రోజుకు ఒకటి రెండు అదనపు నొక్కుళ్ళు దీనికి పెద్ద ఖర్చు కాదు.

ఫైళ్ళ పేర్లు కలిసినప్పుడు మాత్రం Replace or Skip Files అనే పెట్టె వస్తుంది. పాతవాటి స్థానంలో కొత్తవి పెట్టమనవచ్చు, కొత్తవాటిని వదిలేయమనవచ్చు, లేదా ఒక్కో ఫైల్ దగ్గరా తానే నిర్ణయిస్తానని చెప్పవచ్చు. మూడోది ఎంచుకుంటే రెండు వైపుల ఫైళ్ళూ తేదీ, సైజులతో పక్కపక్కన కనిపిస్తాయి. రెండింటికీ టిక్ పెడితే రెండూ ఉంటాయి, కొత్తదాని పేరు చివర (2) లాంటి అంకె చేరుతుంది. తేదీ, సైజు రెండూ సమానంగా ఉన్నవాటిని వదిలేయమని చెప్పే చిన్న గడి కూడా ఆ కిటికీ అడుగున ఉంటుంది. మొత్తం ఎక్స్‌ప్లోరర్‌లో బాగా పనికొచ్చి, ఎవరి కంటా పడనిది ఆ గడే.

ఫైండర్‌కు ఫోల్డర్ ఒక వస్తువు

మ్యాక్‌లో అదే పని చేస్తే, ఆ పేరుతో ఇక్కడ ఇంతకుముందే ఒకటి ఉందనీ, దాని స్థానంలో కొత్తదాన్ని పెట్టమంటారా అనీ ఫైండర్ అడుగుతుంది. బొత్తాలు సాధారణంగా మూడు: Keep Both, Stop, Replace. ఇక్కడ Replace అంటే అక్షరాలా అదే. పాత ఫోల్డర్, దాని లోపల ఉన్న ప్రతి ఫైల్, ప్రతి ఉపఫోల్డర్ పోయి, ఆ స్థానంలో కొత్త ఫోల్డర్ నిలుస్తుంది. కొత్తదానిలో లేని ఫైల్ పాతదానిలో ఉందా అని ఫైండర్ చూడదు. పైగా పోయిన ఫోల్డర్ చెత్తబుట్టలోకి వెళ్ళదు. అందుకని తరువాత ట్రాష్ తెరిచి వెతికినా అక్కడ దొరకదు.

విండోస్ నుంచి మ్యాక్‌కు మారినవాళ్ళు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. విండోస్‌లో ఏళ్ళ తరబడి రీప్లేస్ అన్న మాటను పేరు కలిసిన ఫైళ్ళను మాత్రమే మార్చడం అనే అర్థంలో చూసి ఉంటారు. ఈ వారం తయారైన నాలుగు ఫైళ్ళున్న Documents ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోని Documents మీద లాగి, మ్యాక్ అడిగినదానికి ధైర్యంగా Replace నొక్కుతారు. పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫైళ్ళు మిగులుతాయి. మూడేళ్ళ కాగితాలు పోతాయి. రెండు చోట్లా బొత్తాం మీది మాట ఒకటే. ఒకచోట అది ఫైల్ గురించి చెబుతోంది, ఇంకోచోట ఫోల్డర్ గురించి.

ఫైండర్‌కు కలపడం అసలే రాదని కాదు. 2011లో వచ్చిన మ్యాక్ వెర్షన్ లయన్ నుంచి Merge అనే బొత్తాం ఉంది. అయితే అది అన్నిసార్లూ కనిపించదు. Option కీ నొక్కి పట్టుకుని ఫోల్డర్‌ను లాగాలి. మ్యాక్‌లో Option పట్టుకుని లాగితే కాపీ అని అర్థం కాబట్టి, అసలు ఫోల్డర్ దాని చోట అదే ఉంటుంది. అప్పుడైనా ఒక షరతు ఉంది. ఒక ఫోల్డర్‌లో ఉన్నవేవైనా రెండోదానిలో లేకపోతేనే Merge కనిపిస్తుందనీ, రెండింటిలో ఒకే పేరుతో వేరువేరు రూపాల్లో ఫైళ్ళుంటే Stop, Replace మాత్రమే ఉంటాయనీ ఆపిల్ సొంత మార్గదర్శి చెబుతోంది.

అంటే ఫైళ్ళు ఢీకొనని చోట, కలపడంలో ఏ చిక్కూ లేని చోట ఆ బొత్తాం వస్తుంది. ఏ ఫైల్‌ను ఉంచాలో తేల్చుకోవాల్సిన చోట, నిజంగా సాయం కావాల్సిన చోట, రాదు. జాగ్రత్త కోసం ఇలా పెట్టారని సమర్థించవచ్చు కానీ, కలపడం కుదరనప్పుడు మిగిల్చిన దారి మొత్తం తీసేయడం కావడం విచిత్రమే. కనిపించీ కనిపించని బొత్తాన్ని నమ్ముకుని ఎవరూ అలవాటు చేసుకోలేరు. మ్యాక్ వాడేవాళ్ళలో చాలామందికి Merge ఉందన్న సంగతే తెలియకపోవడానికి కారణం ఇదే.

ఒక పెళ్ళి, రెండు కార్డులు, అయిదు ముగింపులు

అంకెలు వేసుకుంటే తేడా స్పష్టమవుతుంది. మొదటి కార్డులో IMG_0001 నుంచి IMG_0840 దాకా 840 ఫోటోలు. రెండో కార్డులో IMG_0501 నుంచి IMG_1100 దాకా 600 ఫోటోలు. మొత్తం 1440. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న పేర్లు 0501 నుంచి 0840 దాకా 340. పేర్లు ఒకటే కానీ ఫోటోలు వేరు. ఒక కెమెరా IMG_0600లో తలంబ్రాలుంటే, రెండో కెమెరా IMG_0600లో భోజనాల పంక్తి ఉండవచ్చు.

ఫైండర్‌లో Replace నొక్కితే హార్డ్‌డిస్క్‌లో 600 మిగులుతాయి. మొదటి కార్డువి 840 మొత్తం పోయాయి. ఫైండర్‌లోనే Keep Both నొక్కితే పాత 100CANON అలాగే ఉండి, పక్కనే చివర అంకె తగిలించిన పేరుతో రెండో ఫోల్డర్ వస్తుంది. 1440 ఫోటోలూ ఉంటాయి, రెండు ఫోల్డర్లలో. చూడడానికి అందంగా లేకపోయినా ఈ సందర్భానికి ఇంతకంటే సరైన జవాబు లేదు.

ఎక్స్‌ప్లోరర్‌లో ఢీకొన్న ఫైళ్ళను రీప్లేస్ చేయమంటే ఫోల్డర్‌లో 1100 ఫోటోలుంటాయి. వాటిలో మొదటి కార్డువి 500, రెండో కార్డువి 600. అదే చోట స్కిప్ చేయమంటే కూడా 1100 ఉంటాయి. కాకపోతే మొదటి కార్డువి 840, రెండో కార్డువి 260. ప్రతి జతలో రెండింటినీ ఉంచమంటే 1440, అందులో 340 పేర్లకు (2) తోక.

రీప్లేస్ చేసినా స్కిప్ చేసినా లెక్క 1100 దగ్గరే ఆగుతుంది. IMG_0001 నుంచి IMG_1100 దాకా వరసలో ఒక్క అంకె కూడా ఖాళీ ఉండదు. పైపైన చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. ఫైండర్ పోగొట్టినది 840, ఎక్స్‌ప్లోరర్ పోగొట్టినది 340. కానీ ఫైండర్ నష్టం ఆ ఫోల్డర్ తెరిచిన మరుక్షణం తెలుస్తుంది, ఎందుకంటే మొదటి ఫోటోగ్రాఫర్ తీసినది ఒక్కటీ కనిపించదు. ఎక్స్‌ప్లోరర్ నష్టం ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు, ఫలానా చుట్టాలతో దిగిన ఫోటో ఏదని ఎవరో అడిగినప్పుడు బయటపడుతుంది. అప్పటికి రెండు కార్డులూ ఫార్మాట్ అయి ఇంకో రెండు పెళ్ళిళ్ళు తిరిగి వచ్చి ఉంటాయి.

కాబట్టి విండోస్ పద్ధతి క్షేమకరం, మ్యాక్ పద్ధతి ప్రమాదకరం అని తీర్పు చెప్పేయడం తొందరపాటు. రీప్లేస్ నష్టం పెద్దది, కళ్ళకు కనిపిస్తుంది. కలపడంలో నష్టం చిన్నది, చెల్లాచెదురుగా ఉంటుంది, ఆలస్యంగా బయటపడుతుంది. పనిచేసే చోట రెండోది ఎక్కువ ఖరీదు కావడం అరుదేమీ కాదు.

రెండు కార్డుల మధ్య ఇలాంటి గందరగోళం జరిగిందా అని తేల్చుకోవడానికి ఒక కూడిక చాలు. కాపీకి ముందు రెండు ఫోల్డర్లలోని ఫైళ్ళ సంఖ్య చూసుకోవాలి. మ్యాక్‌లో Cmd+I, విండోస్‌లో Properties ఆ సంఖ్య చూపిస్తాయి. కాపీ అయ్యాక వచ్చిన మొత్తం ఆ రెండింటి కూడికకు సమానం కాకపోతే ఏదో పోయింది, లేదా ఏదో రాలేదు. అప్పుడు తేదీ ప్రకారం కాకుండా పేరు ప్రకారం వరస పెట్టి చూస్తే, 0500 నుంచి 0501కి రాగానే దృశ్యం హఠాత్తుగా మారిందంటే రీప్లేస్ జరిగింది. ఆ మార్పు 0840 తరువాత కనిపిస్తే స్కిప్ జరిగింది.

ఫైండర్ ఎందుకిలా ఆలోచిస్తుంది

మ్యాక్‌లో ఫైల్‌లా కనిపించేవి చాలా నిజానికి ఫోల్డర్లు. Applications లో కనిపించే ఏ అప్లికేషన్ అయినా .app అనే తోక ఉన్న ఫోల్డరే. దాని మీద కుడి బొత్తాం నొక్కి Show Package Contents ఎంచుకుంటే లోపల వందలాది ఫైళ్ళు కనిపిస్తాయి. ఫోటోస్ అప్లికేషన్ దాచుకునే లైబ్రరీ, బొమ్మలు చేర్చిన టెక్స్ట్‌ఎడిట్ పత్రం .rtfd కూడా ఇలాంటివే.

ఇప్పుడు ఒక అప్లికేషన్ కొత్త వెర్షన్ దింపుకుని పాతదాని మీద లాగారనుకుందాం. ఫైండర్ వాటిని కలిపితే పాత వెర్షన్‌లో ఉండి కొత్తదానిలో తీసేసిన ఫైళ్ళు లోపలే మిగిలిపోతాయి. అప్లికేషన్ మీద ఉన్న డిజిటల్ సంతకం దాని లోపలి సరుకు మొత్తానికీ చెందినది కాబట్టి, అదనపు ఫైళ్ళతో అది చెల్లకుండా పోవచ్చు. లేదా పాత ప్లగిన్ ఒకటి కొత్త ప్రోగ్రామ్‌లో తలదూర్చి దాన్ని పడేయవచ్చు. ఇక్కడ పాతదాన్ని మొత్తం తీసి కొత్తది పెట్టడమే సరైన పని. ఫోల్డర్‌ను విడదీయరాని ఒక వస్తువుగా చూడాల్సిన అవసరం మ్యాక్‌కు నిజంగానే ఉంది. ఆ చూపునే అది మామూలు ఫోల్డర్లకూ వర్తింపజేసింది. లోపం ఏదైనా ఉంటే అక్కడుంది.

విండోస్‌కు ఫోల్డర్ అంటే చిరునామాలో ఒక భాగం. D:\Photos\100CANON\IMG_0001.JPG అన్న దారిలో 100CANON ఒక మలుపు మాత్రమే. కాపీ చేయడమంటే ప్రతి ఫైల్‌నూ దాని చిరునామాకు చేర్చడం. దారిలో ఆ మలుపు ఇదివరకే ఉంటే మంచిదే, మళ్ళీ వేయాల్సిన పనిలేదు. డాస్ నాటి xcopy కూడా ఇలాగే నడిచేది.

తమాషా ఏమిటంటే మ్యాక్ టెర్మినల్‌లో కూడా ఫోల్డర్ చిరునామాలో భాగమే. cp -R ఆదేశంతో ఒక ఫోల్డర్‌ను అదే పేరున్న ఫోల్డర్ ఉన్న చోటికి కాపీ చేస్తే, ఫైండర్‌లా తీసేయదు, ఎక్స్‌ప్లోరర్‌లా కలుపుతుంది. పైగా పేరు కలిసిన ఫైళ్ళ మీద అడగకుండానే రాసేస్తుంది. ఆపిల్ సొంత ditto ఆదేశం కూడా కలపడమే చేస్తుంది. ఫోల్డర్‌ను జరిపే mv ఆదేశం మాత్రం అక్కడి ఫోల్డర్ ఖాళీగా లేకపోతే Directory not empty అని చెప్పి ఆగిపోతుంది. ఒకే యంత్రంలో, ఒకే డిస్క్ మీద, ఒకే పనికి మూడు రకాల జవాబులు. కాబట్టి మ్యాక్ ఇలా చేస్తుంది అనడం కంటే ఫైండర్ ఇలా చేస్తుంది అనడమే నిజానికి దగ్గర.

కలపడం తీసేయడం కాదు

కలపడంలో ఉన్న ఇంకో చిక్కు ఫోటోల దగ్గర కంటే రాతపని దగ్గర బాగా తెలుస్తుంది. ఒక పుస్తకానికి ఫోల్డర్, అందులో అధ్యాయానికో ఫైల్ అనుకుందాం. కొన్నాళ్ళకు మూడో అధ్యాయాన్ని రెండుగా విడగొట్టి, పాత ఫైల్ తీసేసి, తరువాతి వాటికి కొత్త అంకెలతో పేర్లు మార్చారు. ఆ ఫోల్డర్‌ను విండోస్‌లో పెన్‌డ్రైవ్‌లోని పాత ప్రతి మీద లాగితే, తీసేసిన మూడో అధ్యాయం అక్కడ అలాగే ఉంటుంది. పేరు మారిన అధ్యాయాలు పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ రెండేసి ఉంటాయి. ఆ పెన్‌డ్రైవ్ ప్రెస్‌కు వెళితే ఏది తాజా ప్రతో అక్కడివాళ్ళకు తెలియదు. కలపడం ఎప్పుడూ చేరుస్తుందే కానీ తీయదు. ఇదే పని మ్యాక్‌లో రీప్లేస్‌తో చేస్తే పెన్‌డ్రైవ్ అసలు ఫోల్డర్‌కు అచ్చమైన నకలు అవుతుంది.

ఇంకో సందర్భం: సగంలో తెగిన కాపీ. కేబుల్ ఊడి కాపీ ఆగిపోతే విండోస్‌లో మళ్ళీ లాగి స్కిప్ నొక్కడం చాలామంది అలవాటు. మిగతా ఫైళ్ళు చక్కగా వచ్చేస్తాయి. కానీ కేబుల్ ఊడిన క్షణంలో రాస్తున్న ఫైల్ సగం రాసిన స్థితిలో అదే పేరుతో ఉండిపోయే అవకాశం ఉంది. స్కిప్ పేరునే చూస్తుంది కాబట్టి ఆ సగం ఫైల్‌ను పూర్తయినదిగా లెక్కగట్టి దాటిపోతుంది. ఇలాంటప్పుడు తేదీ, సైజు సమానమైనవాటినే వదిలేసే ఆ చిన్న గడిని వాడితే, తేదీ గానీ సైజు గానీ సరిపోలని ఫైల్ విడిగా కనిపిస్తుంది.

కాపీకి బదులు మూవ్ చేసినప్పుడు విండోస్ ఒక మంచి ఆనవాలు వదులుతుంది. స్కిప్ చేసిన ఫైళ్ళు పాత చోటే మిగులుతాయి, వాటితోపాటు ఫోల్డర్ కూడా. మూవ్ అయిపోయాక మూలస్థానంలో ఫోల్డర్ ఇంకా కనిపిస్తోందంటే, అది పొరపాటున మిగిలిందనుకుని తుడిచేయకూడదు. దానిలో ఉన్నవి అవతలికి చేరనివే.

చూపులకు ఒకే పేరు

పేరు ఒకటేనా కాదా అన్నది కూడా రెండు వ్యవస్థలూ ఒకేలా తేల్చవు. ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడాను మామూలు అమరికలో రెండూ పట్టించుకోవు. Photos, photos రెండింటికీ ఒకటే. తెలుగు పేర్ల దగ్గర మాత్రం ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. యూనికోడ్‌లో ఐత్వానికి U+0C48 అనే ఒక సంకేతం ఉంది. అదే గుర్తును ఎత్వం U+0C46, దాని కింది ఐత్వపు ముక్క U+0C56 అనే రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. తెలుగులో ఇలా అధికారికంగా విడిపోయే గుర్తు ఇదొక్కటే. మ్యాక్ పాత ఫైల్ వ్యవస్థ పేర్లను ఇలా విడగొట్టి దాచుకునేది. మ్యాక్‌లో చేసిన జిప్ ఫైళ్ళలో విడగొట్టిన పేర్లు ఉండడం ఈనాటికీ ఎదురవుతుంది.

శైలజ పెళ్ళి అనే ఫోల్డర్ మ్యాక్ నుంచి జిప్‌గా విండోస్‌కు వచ్చి, అక్కడ ఇదివరకే కీబోర్డుతో టైప్ చేసిన శైలజ పెళ్ళి ఉన్న చోట తెరుచుకుంటే, కళ్ళకు రెండూ ఒకటే. విండోస్ ఫైల్ వ్యవస్థకు అవి వేరు పేర్లు. కలపదు, అడగదు, రెండు ఫోల్డర్లనూ పక్కపక్కన ఉంచుతుంది. మ్యాక్ అయితే వాటిని ఒకే పేరుగా చూస్తుంది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఎలా వచ్చాయని ఎవరైనా తల పట్టుకుంటే, పేరులో ఐత్వం ఉందేమో చూడాలి.  రెండింటిలో ఒకదానికి వేరే పేరు పెట్టి, లోపలివి చూసుకుని కలుపుకోవచ్చు.

కాపీకి ముందు ఒక వరస, పోయాక ఒక వరస

ఢీకొనే పేర్లున్న ఫోల్డర్లను లాగి వదలడానికి ముందు, ఏం జరగబోతోందో రెండు వ్యవస్థల్లోనూ రాయకుండానే చూపించుకోవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో:

```
robocopy "E:\DCIM\100CANON" "D:\Photos\100CANON" /E /XC /XN /XO /L
```

అవతల లేని ఫైళ్ళను మాత్రమే కాపీ చేయమని దీని అర్థం. చివరి /L వల్ల నిజంగా కాపీ చేయదు, జాబితా మాత్రం ఇస్తుంది. జాబితా సరిగా ఉంటే /L తీసేసి మళ్ళీ నడపాలి. పై ఉదాహరణలో ఇది 260 ఫైళ్ళను చూపుతుంది. 600 రావలసిన చోట 260 కనిపించగానే 340 పేర్లు ఢీకొంటున్నాయని తెలిసిపోతుంది. /MIR అనే ఇంకో ఎంపిక ఉంది కానీ, అది మూలంలో లేనివాటిని అవతల తుడిచేస్తుంది. ఇలాంటి పనికి దాని జోలికి వెళ్ళకూడదు.

మ్యాక్ టెర్మినల్‌లో అదే పని:

```
rsync -avn --ignore-existing /Volumes/CARD/DCIM/100CANON/ ~/Photos/100CANON/
```

ఇక్కడ n అక్షరం ఉన్నంతవరకు ఏదీ రాయదు. మొదటి దారి చివర ఉన్న గీతను మరిచిపోతే 100CANON లోపల మరో 100CANON పుడుతుంది. CARD అన్నచోట కార్డు అసలు పేరు పెట్టాలి.

కెమెరా కార్డుల మటుకు ఇంత కూడా అక్కర్లేదు. ప్రతి కార్డుకూ ముందుగా తేదీ, కెమెరా పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, DCIM ను దానిలోకి లాగితే పేర్లు ఎదురుపడే సందర్భమే రాదు.

ఒకవేళ పొరపాటు జరిగిపోతే మొదట చేయాల్సింది ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకపోవడం. అన్‌డూ మీద ఆశ పెట్టుకోకూడదు. కాపీని అన్‌డూ చేయడమంటే కొత్తగా వచ్చినవాటిని తీసేయడమే, వాటి కింద పోయినవి తిరిగొస్తాయన్న భరోసా ఏ వ్యవస్థలోనూ లేదు. మ్యాక్‌లో టైమ్ మెషీన్, విండోస్‌లో ఫైల్ హిస్టరీ ముందే పెట్టుకుని ఉంటే ఆ ఫోల్డర్ పాత రూపం అక్కడ దొరకవచ్చు. అవి లేకపోతే రికవరీ సాఫ్ట్‌వేర్ మిగులుతుంది. తిరిగే పళ్ళేలున్న హార్డ్‌డిస్క్ అయితే దానికి కాస్త అవకాశం ఉంటుంది. కంప్యూటర్ లోపలి ఎస్‌ఎస్‌డీ అయితే, తుడిచిన జాగాను అది తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది కాబట్టి చాలా తక్కువ. కార్డు ఇంకా ఫార్మాట్ కాకుండా ఉంటే అసలు ఫోటోలు దానిలోనే ఉన్నాయి. దాని పక్కనున్న తాళపు మీటను కిందికి జరిపి, కొత్త ఫోల్డర్‌లోకి మళ్ళీ కాపీ చేసుకోవడమే అన్నిటికంటే దగ్గరి దారి.